ఒకే డబ్బుకు మూడు పేర్లు: సమస్య - పరిష్కారం

సమస్య

బెంగళూరుకు కొత్తగా వచ్చే మనవాళ్ల కోసం అద్దె ఇంటి వివరాలు తెలుగులో రాసి పంచారు. మారతహళ్లిలో ఇల్లు చూసుకుంటున్న కుర్రాడు అది చదివి, "అన్నా, అడ్వాన్స్ లక్ష, డిపాజిట్ ఇంకో లక్షా?" అని టెన్షన్ పడుతున్నాడు. కాగితంలో ఉన్నది ఇది:

> అగ్రిమెంట్ రోజున లక్ష రూపాయల అడ్వాన్స్ కట్టాలి. డిపాజిట్‌ను ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇస్తారు. పెయింటింగ్ ఖర్చును ముందస్తు సొమ్ములో పట్టుకుంటారు.

మూడూ ఒకటే డబ్బు. మీ కాగితంలోనూ ఇదే జరిగిందేమో చూడాలంటే, ఎవరికైనా చదవడానికిచ్చి కట్టాల్సినవన్నీ వరుసగా చెప్పమనండి. రావాల్సినదానికంటే ఒక్కటి ఎక్కువ చెప్పినా తప్పు రాతలోనే ఉంది.

కారణం

ఒకే మాట పదేపదే రాయకూడదని బళ్లో నేర్చుకున్నాం. వ్యాసానికి అది సరే. డబ్బు లెక్క చదివేవాడు మాత్రం పేరు మారితే వస్తువూ మారిందనుకుంటాడు. ఒక్కోసారి పర్యాయపదం అనుకున్నది పర్యాయపదమే కాదు. అద్దెకు బదులు లీజు అని రాస్తే బెంగళూరులో అర్థమే వేరు: పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, నెలనెలా అద్దె లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం.

పరిష్కారం

ఓనర్లు, బ్రోకర్లు వాడే మాటనే ఎంచుకోండి. ఇక్కడ అడ్వాన్స్. మొదటిసారి వచ్చినచోట "దీన్నే కొందరు డిపాజిట్ అంటారు" అని ఒక్కసారి చెప్పి, ఆ రెండో పేరును అక్కడితో వదిలేయండి. తర్వాత Ctrl+F కొట్టి మిగతా పేర్లు వెతకండి. పూర్తి మాట కాకుండా "డిపాజి" అని కొడితే డిపాజిట్, డిపాజిట్టు, డిపాజిట్లు అన్నీ దొరుకుతాయి.

ఇక ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే పుట్టే విసుగు సంగతి. దానికి మందు వాక్యాలు కలపడం:

> అగ్రిమెంట్ రోజున లక్ష రూపాయల అడ్వాన్స్ కట్టాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అందులో పెయింటింగ్ ఖర్చు పట్టుకుని మిగతాది తిరిగి ఇస్తారు.

అడ్వాన్స్ ఒక్కసారే వచ్చింది, రెండోసారి అవసరమే పడలేదు. తెలుగులో ఈ సుఖం ఉంది, తెలిసిన మాటను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. కాకపోతే పక్కనే అద్దె కూడా ఉంటే "అది" అని రాయొద్దు. "అద్దె, అడ్వాన్స్ ఒకటో తేదీలోపు ఇవ్వాలి, ఆలస్యమైతే దానిపై పెనాల్టీ" అంటే దేనిమీద? అక్కడ మొహమాటపడకుండా పేరు మళ్లీ రాయండి.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకోటి: రెండింటికి ఒకే పేరు. ఇల్లు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపడానికి ముందుగా ఇచ్చే చిన్న మొత్తాన్ని టోకెన్ అనే రాయండి, టోకెన్ అడ్వాన్స్ అనొద్దు. అది అడ్వాన్స్‌లో కలుస్తుందా లేదా అన్నది విడిగా చెప్పండి. అగ్రిమెంట్‌లోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసేటప్పుడు మాత్రం అక్కడి మాట మార్చకండి. డిపాజిట్ అని ఉంటే డిపాజిటే ఉంచి, కిందే "అంటే పైన చెప్పిన అడ్వాన్స్" అని రాస్తే చాలు.