డిజిటల్ మీడియాలో ఉద్యోగం: చేరేముందు సంస్థ నిలకడను, ఫ్రీలాన్స్ రేటును లెక్కగట్టడం ఎలా?

మొన్న వేసవిలో మా పాత డెస్కులో ట్రైనీగా చేసిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి వెబ్‌సైట్‌లో సబ్ ఎడిటర్, ఏడాదికి 3 లక్షల 36 వేలు. ఇంకోటి ఇంట్లో కూర్చుని అనువాదం, మాటకి 60 పైసలు. ఏది తీసుకోమంటావు?" ఏదో ఒకటి చెప్పేయొచ్చు. కానీ ఆ సాయంత్రం ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చుని రెండు గంటల్లో చూసినవి అతనికి నా సలహా కంటే ఎక్కువ పనికొచ్చాయి. ఆ క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, వెతకడం

తెలుగు డెస్క్ ఉద్యోగాలకు ప్రకటనల్లో ఒక స్థిరమైన పేరు లేదు. పత్రికలో సబ్ ఎడిటర్ అనే పనినే యాప్‌లో కంటెంట్ ప్రొడ్యూసర్ అంటారు, ఇంకోచోట లాంగ్వేజ్ ఎక్స్‌పర్ట్ అంటారు. అందుకే లింక్డ్‌ఇన్, నౌక్రీలలో ఒకే మాటతో వెతికితే సగం ఖాళీలు కనిపించవు. ఈ నాలుగింటికీ విడివిడిగా అలర్టులు పెట్టుకోండి:

```
Telugu sub editor
content producer Telugu
Telugu content writer news
Telugu language expert
```

మనం చూసే బ్రాండు, ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఒకటి కాకపోవచ్చు. బీబీసీ తెలుగునే తీసుకోండి. 2024 ఏప్రిల్ నుంచి బీబీసీ భారతీయ భాషల విభాగాలను కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ కంపెనీ నడుపుతోంది. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదన్న నిబంధనే దానికి కారణం. కాబట్టి ఖాళీల కోసం చూడాల్సింది ఆ కంపెనీ పేరు మీద. పత్రికల వెబ్‌సైట్లలోనూ ఇదే తంతు. పత్రిక పేరు చూసి చేరుతున్నామనుకుంటాం, ఆఫర్ లెటర్ మీద వేరే కంపెనీ పేరు ఉంటుంది. జర్నలిస్టుల జీతాలపై 2011 నాటి మజీఠియా సిఫారసులు పత్రికలకు, వార్తా ఏజెన్సీలకే కాబట్టి ఈ తేడా జీతం దగ్గర తెలుస్తుంది.

మండల స్థాయి రిపోర్టర్ కావాలంటూ వచ్చే వాట్సాప్ ప్రకటనల గురించి ఒక్క మాట. ఐడీ కార్డుకో, మైకు మీద పెట్టుకునే లోగోకో డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు, అమ్మకం. దసరాకి, సంక్రాంతికి ఇన్ని వేల యాడ్స్ తేవాలని టార్గెట్ పెట్టేచోట కూడా మీరు విలేకరి కాదు, జీతం లేని యాడ్ ఏజెంటు.

సంస్థ నిలుస్తుందా? పీఎఫ్ చెబుతుంది

ఇంటర్వ్యూలో ఎవరూ "మా దగ్గర జీతాలు ఆలస్యం" అని చెప్పరు. దాన్ని చెప్పేది పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్. లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు.

ముందు కంపెనీ అసలు పేరు పట్టుకోవాలి. వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో గానీ, ప్రైవసీ పాలసీ పేజీలో గానీ దొరుకుతుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం వార్తల వెబ్‌సైట్ తన ఫిర్యాదుల అధికారి వివరాలను సైట్‌లో పెట్టాలి, ఆ పేజీలోనూ చూడండి. అలాంటి పేజీయే లేకపోతే, ఆ సంస్థ నిబంధనలను ఎంత పట్టించుకుంటుందో అక్కడే తెలిసిపోతుంది.

పేరు దొరికాక epfindia.gov.in లో యజమానుల సేవల కింద ఉండే Establishment Search తెరవండి. పేరు కొట్టి వివరాల్లోకి వెళ్తే View Payment Details అని ఉంటుంది. ఏ నెల జీతానికి పీఎఫ్ ఏ తేదీన జమయింది, ఎంత, ఎంతమందికి అన్నది నెలల వారీగా పట్టికలో వస్తుంది. చూడాల్సినవి రెండే. ఒకటి తేదీ. ఒక నెల పీఎఫ్‌ను తర్వాతి నెల 15లోగా కట్టాలి. రెండోది ఉద్యోగుల సంఖ్య.

మావాడి ఆఫర్ వచ్చిన కంపెనీకి పద్నాలుగు నెలల వరస చూశాం. మొదట్లో 61 మంది. తర్వాత 58, 52, ఆఖరి నెలకు 37. తేదీలు కూడా మొదట 12, 14న ఉన్నవి పోనుపోనూ జారాయి. జనవరి జీతం తాలూకు పీఎఫ్ ఏప్రిల్‌లో పడింది. "వాళ్లు విస్తరిస్తున్నామన్నారన్నా" అన్నాడు. విస్తరించే కంపెనీలో ఇరవై నాలుగు మంది ఎలా తగ్గుతారు?

అయితే ఈ పట్టికకూ హద్దులున్నాయి. ఇరవై మందికి లోపు ఉన్న సంస్థకు సాధారణంగా పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి అసలు కనిపించకపోవచ్చు. ఉద్యోగులను మ్యాన్‌పవర్ ఏజెన్సీ ద్వారా తీసుకుంటే లెక్క ఆ ఏజెన్సీ పేరు మీద ఉంటుంది. సంఖ్య ఒకే నెలలో సగానికి పడిపోతే, జనాన్ని ఇంకో కంపెనీకి మార్చారేమో అడగాలి. అనుమానం రావాల్సింది నెలనెలా జారే సంఖ్యను చూసి, జారే తేదీని చూసి.

తర్వాత కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్ mca.gov.in లో కంపెనీ మాస్టర్ డేటా. అందులో చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ చూడండి. ఆర్థిక సంవత్సరం మార్చితో ముగిస్తే, మామూలుగా అక్టోబరు చివరికల్లా లెక్కలు దాఖలై ఉండాలి. రెండేళ్ల కిందటి తేదీ దగ్గరే ఆగిపోయి ఉంటే మంచి సంకేతం కాదు. నష్టాలు కనిపించినంత మాత్రాన బెదరక్కర్లేదు. డిజిటల్‌లో చాలావరకు నష్టాల్లోనే ఉంటాయి. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తున్నారన్నదే ప్రశ్న. పత్రిక వెనకుంటే ఒక లెక్క, ఇన్వెస్టర్ డబ్బయితే ఒక లెక్క, ఎన్నికలకు ఆరు నెలల ముందు రాజకీయ నాయకుడు పెట్టించిందైతే ఇంకో లెక్క. మూడోది కౌంటింగ్ రోజు సాయంత్రానికే తేలిపోవచ్చు.

పెద్ద పేరుంటే భయం లేదనుకోకండి. హఫ్‌పోస్ట్ ఇండియా 2020 నవంబరులో మూతపడింది. పాఠకులు లేక కాదు, అమెరికాలో యాజమాన్యం మారడంతో, ఇక్కడి విదేశీ పెట్టుబడి నిబంధన అడ్డొచ్చింది.

జీతం ఎంతో చేతికొచ్చేది చూసి చెప్పాలి

3 లక్షల 36 వేలంటే నెలకు 28,000. పీఎఫ్‌ను 15,000 మీద లెక్కేస్తే కంపెనీ వాటా 1,800 అందులోనే కలిపేశారు. మన వాటా మరో 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోగా చేతికి 24,200. రాత్రి షిఫ్టుకు క్యాబ్ ఇస్తారా, నోటీసు పీరియడ్ ఎంత, బాండ్ రాయించుకుంటారా అన్నవి ఆఫర్ లెటర్‌లో ఉండాలి. టెస్ట్ కాపీ ఒకటీ రెండూ రాయడం మామూలే. రోజుకు ఐదు చొప్పున వారం రాయమంటే మాత్రం అవి సైట్‌లో పబ్లిష్ అవుతున్నాయేమో వెతికి చూడండి.

ఫ్రీలాన్స్ రేటు: మాట ఎవరిది?

ఇక 60 పైసల సంగతి. తెలుగు అనువాదకులు ముందుగా అడగాల్సిన ప్రశ్న: లెక్కపెట్టేది ఇంగ్లిష్ మాటలా, తెలుగు మాటలా? మన భాషలో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. "వెళ్లాల్సివచ్చిందన్నాడు" అన్నది వర్డ్ ఫైల్‌లో ఒక్క మాట. అదే ఇంగ్లిష్‌లో ఆరో ఏడో అవుతాయి. వెయ్యి మాటల ఇంగ్లిష్ వ్యాసం మావాడి చేతిలో 720 తెలుగు మాటలయింది. ఇంగ్లిష్ లెక్కయితే 600 రూపాయలు, తెలుగు లెక్కయితే 432. ఎంత బిగువుగా, చక్కగా రాస్తే అంత తక్కువ డబ్బు!

గిట్టే రేటు ఎంతో తేల్చడానికి ఉద్యోగాన్నే కొలబద్దగా పెట్టుకున్నాం. చేతికొచ్చే 24,200కి, కంపెనీలో అయితే పీఎఫ్‌గా జమయ్యే 3,600 కలిపాం. ఆరోగ్య బీమాకు వెయ్యి, ఇంటర్నెట్, లాప్‌టాప్ అరుగుదలకు 1,200 వేసుకుంటే మొత్తం 30,000. ఫ్రీలాన్సర్ నెలంతా రాయలేడు. పని వెతకడానికి, ఫోన్లకు, బిల్లులు వసూలు చేసుకోవడానికి పోగా డబ్బొచ్చే గంటలు 120 మిగిలితే గొప్ప. అంటే గంటకు 250.

వెయ్యి మాటల వ్యాసం అనువాదం, సరిచూసుకోవడం కలిపి అతనికి మూడు గంటలు పడుతోంది. కాబట్టి 750 రావాలి. ఇంగ్లిష్ మాటకు 75 పైసలు, తెలుగు మాటకైతే రూపాయి పైన. వాళ్లిస్తానన్న 60 పైసలు తెలుగు మాటకని తర్వాత తేలింది, అంటే గంటకు 144 రూపాయలు. ఫీల్డుకు వెళ్లి రాసే రిపోర్టుకూ ఇదే కొలత: పన్నెండు గంటల పనైతే 3,000, బస్సు, బస ఖర్చులు విడిగా.

మీ గంటలు మీరే కొలుచుకోండి. వారంపాటు ప్రతి కాపీకి మొదలైన సమయం, ముగిసిన సమయం రాసుకుంటే చాలు. మనం అనుకున్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

ఒప్పందాన్ని మెయిల్‌లో పెట్టడం

ఫోన్‌లో "చూద్దాంలే బ్రదర్" అన్నది వసూలు కాదు. పని మొదలుపెట్టే ముందు మావాడి చేత ఇలా రాయించాను:

"నమస్తే సర్. మనం మాట్లాడుకున్న పనికి ఇంగ్లిష్ మూలంలోని మాటల లెక్కన మాటకు 75 పైసలు. ఒకసారి దిద్దుబాట్లు ఇందులోనే కలిసి ఉంటాయి, కొత్తగా చేర్చే భాగానికి అదే రేటు. కాపీ అందాక మీరు వాడుకోకపోయినా సగం చెల్లించాలి. బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో చెల్లింపు. సరేనని జవాబిస్తే మొదలుపెడతాను."

సగం డబ్బు అన్న వాక్యానికి కొందరు ఒప్పుకోరు, అక్కడ బేరమాడుకోవచ్చు. తేదీ మీద మాత్రం రాజీ పడొద్దు. "పబ్లిష్ అయ్యాక చెల్లిస్తాం" అంటే, ఎప్పుడు పబ్లిష్ చేయాలన్నది వాళ్ల ఇష్టమే కదా.

దీనికి తోడు పని ఒప్పుకోకముందే, చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది. ఫ్రీలాన్సర్ కూడా సేవలందించే సూక్ష్మ సంస్థే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మీకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. తీర్పు రావడానికి నెలలు పట్టొచ్చు, చిన్న మొత్తాలకు అంత ఓపిక ఎవరికీ ఉండదు. అయినా బిల్లు మీద ఉద్యం నంబరు ఉంటే అకౌంట్స్ వాళ్లు దాన్ని పక్కన పడేయరు. గడువు దాటించిన బిల్లును, డబ్బు కట్టేదాకా ఖర్చుగా చూపుకోవడం ఆదాయపు పన్ను లెక్కల్లో వాళ్లకే కుదరదు మరి.

బిల్లులో పది శాతం టీడీఎస్ పట్టుకున్నామంటే, అది మీ పాన్ కింద జమయిందో లేదో మూణ్ణెల్లకోసారి ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో చూడండి. పట్టుకుని జమచేయని సంస్థ, మీ తర్వాతి బిల్లును కూడా సకాలంలో చెల్లిస్తుందని నేననుకోను.

మావాడు ఆ ఉద్యోగంలో చేరలేదు. అనువాదం వాళ్లు 75కి రాలేదు గానీ, ఇంగ్లిష్ మాటకు 70 పైసలన్నారు. వారానికి మూడు రోజులు అది చేస్తూ, మిగతా రోజుల్లో అలర్టులు చూసుకుంటున్నాడు. మొదటి బిల్లు 33వ రోజున పడింది. ముప్ఫై ఒకటో రోజు ఉదయం ఒక మెయిల్ పెట్టాల్సి వచ్చింది.