రంగు పోయింది, చక్కెర మాత్రం రాలేదు: హరితరేణువు ప్రయోగంలో లోపం ఎక్కడ?

పాలకూర ఆకుల నుంచి హరితరేణువులు తీసి, డీసీపీఐపీ అనే నీలి రంగు కలిపి, లైటు కింద పెట్టి ఆ నీలం పోవడం చూపించే ప్రయోగం డిగ్రీ బోటనీ ల్యాబుల్లో మామూలే. రంగు పోగానే రికార్డులో "కిరణజన్య సంయోగక్రియ జరిగినది" అని రాసేస్తారు. నిజానికి అక్కడ జరిగింది కాంతి చర్యలో ఒక భాగం. కార్బన్ స్థిరీకరణ జరిగి ఉండకపోవచ్చు, చాలాసార్లు జరగదు కూడా. ఏది ఆగిపోయిందో గమనిస్తే, ఏ చర్య హరితరేణువులో ఏ మూల జరుగుతుందో పాఠం కంటే స్పష్టంగా అర్థమవుతుంది. ల్యాబులో ఎదురయ్యే ఇబ్బందులను ఆ కోణంలోనే చూద్దాం.

సమస్య: చీకట్లో పెట్టిన గొట్టంలోనూ నీలం పోతోంది

దీనికి ప్రధాన అనుమానితుడు విటమిన్ సి. పాలకూరలో ఆస్కార్బిక్ ఆమ్లం బాగా ఉంటుంది. అది డీసీపీఐపీకి నేరుగా ఎలక్ట్రాన్లు ఇచ్చి రంగు పోగొట్టేస్తుంది, వెలుతురు అక్కర్లేదు. పండ్ల రసాల్లో విటమిన్ సి కొలవడానికి వాడేది కూడా ఈ రంగునే. ఆకు నూరి వడకట్టిన రసాన్ని అలాగే వాడితే ఈ చిక్కు తప్పదు. రసాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని పారబోసి, అడుగున పేరుకున్న పచ్చటి ముద్దను మాత్రం చల్లటి బఫర్‌లో కలుపుకోవాలి. అప్పటికీ చీకటి గొట్టంలో రంగు పోతుంటే ఇంకోసారి కడగాలి.

రంగు నీలం నుంచి గులాబీకి తిరిగితే అది వేరే సంగతి. ద్రావణం ఆమ్లంగా మారిందని అర్థం. బఫర్ పీహెచ్ చూసుకోండి, 7 దగ్గర ఉండాలి.

సమస్య: లైటు కింద పెట్టినా నీలం అలాగే ఉంది

ఇక్కడ దెబ్బతిన్నది హరితరేణువు లోపల పచ్చదనం మోసే థైలకాయిడ్ పొర. నీటిని విడగొట్టే పరికరం ఆ పొరలో, ఫోటోసిస్టమ్ 2కు లోపలి వైపున అతుక్కుని ఉంటుంది. హరితరేణువులో వేడికి ముందుగా లొంగిపోయేది అదే. ఆకులు, కల్వం, బఫర్ అన్నీ ఐసులో చల్లబరచకుండా మధ్యాహ్నపు ఎండల్లో నూరితే గొట్టంలోకి చేరేసరికే అది పోతుంది. ముదురు ఆకులు, నూరగానే గోధుమ రంగుకు తిరిగే ఆకులు కూడా పనికిరావు. లేత ఆకు తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా ఐసు మీదే ఉంచితే చాలావరకు సరిపోతుంది. మరిగించిన హరితరేణువుల గొట్టం ఒకటి పక్కన పెట్టుకోండి. లైటు సరిగ్గా ఉండి కూడా అసలు గొట్టం దానిలాగే ఉండిపోతే లోపం తయారీలోనే ఉంది.

సమస్య: నీలం చక్కగా పోతోంది, కార్బన్ స్థిరీకరణ సున్నా

అసలు విషయం ఇదే. డీసీపీఐపీ లేకుండా, కార్బన్ డయాక్సైడ్ కోసం బైకార్బనేట్ మాత్రం కలిపి ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్‌లో పెట్టారనుకుందాం. లైటు వేసినా ఆక్సిజన్ గీత పైకి లేవదు. అదే తయారీలో రంగు కలిపితే ఐదు నిమిషాల్లో ఆ నీలం పోతుంది. కాంతి చర్య యంత్రం బాగుంది, కానీ దాని సరుకు పుచ్చుకునే వాళ్లు లేరు.

కారణం: బయటి తొడుగు చిరిగిపోయింది. హరితరేణువుకు రెండు పొరల తొడుగు ఉంటుంది. దాని లోపల ఉండే చిక్కటి ద్రవమే ఆవర్ణిక. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే రూబిస్కో, కాల్విన్ చక్రంలోని మిగతా ఎంజైములు అన్నీ ఆ ద్రవంలో కరిగి ఉంటాయి. ఏ పొరకూ గట్టిగా అతుక్కుని ఉండవు. మిక్సీలో ఎక్కువసేపు తిప్పినా, నీళ్లలో కడిగినా తొడుగు పగులుతుంది, ఆవర్ణిక బయటికి కారిపోతుంది. సెంట్రిఫ్యూజ్ తర్వాత మీరు పారబోసిన ద్రవంలో విటమిన్ సితో పాటు రూబిస్కో కూడా వెళ్లిపోయింది! అడుగున మిగిలినవి థైలకాయిడ్లు. పత్రహరితం, రెండు ఫోటోసిస్టమ్‌లు, ఏటీపీ తయారుచేసే ఎంజైము ఆ పొరల్లోనే దిగి ఉంటాయి కాబట్టి ఎంత కడిగినా పచ్చదనం పోదు, కాంతి చర్య ఆగదు.

1937లో కేంబ్రిడ్జిలో రాబర్ట్ హిల్ చూసింది కూడా దీన్నే. ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులకు ఇనుప లవణం ఇస్తే వెలుతురులో ఆక్సిజన్ వదిలాయి, కార్బన్ డయాక్సైడ్ అవసరం లేకుండానే. ఎలక్ట్రాన్లు పుచ్చుకోవడానికి ఎవరో ఒకరుంటే చాలు. ఆకులో ఆ పని ఎన్ఏడీపీ చేస్తుంది, మన గొట్టంలో నీలి రంగు చేస్తోంది.

తొడుగు పగిలిందో లేదో అనుమానంతో వదిలేయనక్కర్లేదు, కొలవవచ్చు. ఫెర్రిసయనైడ్ కూడా ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుంది. కానీ అది చెక్కుచెదరని తొడుగును దాటి లోపలికి పోలేదు. కాబట్టి తొడుగు బాగున్న రేణువులు దానితో ఆక్సిజన్ దాదాపు వదలవు, పగిలినవి వదులుతాయి. తయారీని రెండు భాగాలు చేయండి. ఒకదాన్ని అలాగే కొలవండి. రెండోదాన్ని ముందు మంచినీళ్లలో ఒక్క నిమిషం ఉంచి కావాలనే పగలగొట్టి, తర్వాత బఫర్ గాఢత సరిచేసి కొలవండి. ఉదాహరణకు ఆక్సిజన్ వదిలే వేగం అలాగే కొలిస్తే 76, పగలగొట్టాక 80 వచ్చిందనుకోండి. తేడా 4, అంటే 80లో 5 శాతం. నూటికి 95 రేణువులు ముందే పగిలి ఉన్నాయి. కార్బన్ స్థిరీకరణ ఎందుకు లేదో వేరే చెప్పాలా? మొదటి అంకె 20, రెండోది 80 వచ్చి ఉంటే 75 శాతం చెక్కుచెదరకుండా ఉన్నట్టు, ఆ తయారీతో ముందుకు పోవచ్చు.

పరిష్కారం నూరే దగ్గరే మొదలవుతుంది. బఫర్‌లో 0.33 మోలార్ సార్బిటాల్ ఉండాలి, అప్పుడు నీరు లోపలికి దూకి తొడుగును పగలగొట్టదు. మిక్సీ మూడు నుంచి ఐదు సెకన్లు తిప్పితే చాలు. ముద్ద కొంచెమే వస్తుంది, ఆశపడి ఇంకాసేపు తిప్పకండి. వడకట్టి, వేగంగా కొద్దిసేపే సెంట్రిఫ్యూజ్ చేసి, ముద్దను మెత్తటి బ్రష్‌తోనో గొట్టాన్ని ఊపుతూనో విడదీయాలి. పిపెట్‌తో పీల్చి వదిలితే మళ్లీ పగులుతాయి. ఆకులు సాయంత్రం కోసినవి కాకుండా ఉదయాన్నే కోసినవి తీసుకోండి. పగలంతా ఎండలో ఉన్న ఆకు హరితరేణువుల్లో పిండి గింజలు పేరుకుంటాయి. సెంట్రిఫ్యూజ్ తిరిగేటప్పుడు ఆ బరువైన గింజలు తొడుగును చీల్చుకుని బయటికి వస్తాయి. చాలామంది పట్టించుకోని చిన్న కారణం ఇది.

సమస్య: తొడుగు బాగానే ఉంది, అయినా స్థిరీకరణ నీరసంగా ఉంది

ముందు రెండు నిమిషాలు ఆగండి. లైటు వేసిన వెంటనే గీత లేవదు. చక్రంలో తిరగాల్సిన చక్కెర ఫాస్ఫేట్లు కొంత పోగయ్యాకే వేగం అందుకుంటుంది. ఈ ఆలస్యాన్ని లోపమనుకుని తయారీని పారబోసేవాళ్లున్నారు.

అప్పటికీ లేవకపోతే ఫాస్ఫేట్ చూడండి. హిల్ ప్రయోగానికి రాసి ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌నే ఇక్కడా వాడితే కార్బన్ స్థిరీకరణ పడిపోతుంది. హరితరేణువు తొడుగులో ఒక మారకపు ద్వారం ఉంది. అది మూడు కార్బన్ల చక్కెర ఫాస్ఫేట్‌ను బయటికి పంపి, బదులుగా ఒక ఫాస్ఫేట్‌ను లోపలికి తెస్తుంది. బయట ఫాస్ఫేట్ మరీ ఎక్కువైతే చక్కెర ఫాస్ఫేట్లన్నీ బయటికి పోయి, చక్రం మళ్లీ తిరగడానికి కావాల్సిన రిబ్యులోజ్ బిస్ఫాస్ఫేట్ తయారవదు. అసలు లేకపోయినా ఏటీపీ తయారీకి ఫాస్ఫేట్ కరువై చక్రం ఆగుతుంది. హెప్స్ బఫర్, పీహెచ్ 7.6, ఫాస్ఫేట్ 0.2 నుంచి 0.5 మిల్లీమోలార్ దగ్గర ఉంచితే కుదురుతుంది. థైలకాయిడ్లకు మాత్రం ఈ పట్టింపు లేదు, హిల్ చర్య ఫాస్ఫేట్ బఫర్‌లో హాయిగా జరుగుతుంది.

మరో దొంగ అమ్మోనియం క్లోరైడ్. కాంతి చర్య జరుగుతున్నప్పుడు థైలకాయిడ్ లోపలి ఖాళీలో ప్రోటాన్లు పోగై అక్కడ పీహెచ్ 5 దాకా దిగుతుంది. అవి ఏటీపీ ఎంజైము గుండా ఆవర్ణికలోకి తిరిగి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. అమ్మోనియా ఆ తేడాను చెరిపేస్తుంది. అప్పుడు నీలం ఇంకా జోరుగా పోతుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్లకు ఎదురు ఒత్తిడి ఉండదు. కానీ ఏటీపీ రాదు, ఆవర్ణికలో చక్రం నిలిచిపోతుంది. ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కు మూడు ఏటీపీ, రెండు ఎన్ఏడీపీహెచ్ కావాలి మరి. "రంగు ముందుకన్నా త్వరగా పోయింది, చక్కెర మాత్రం రాలేదు" అనిపిస్తే ముందుగా ఈ లవణాన్ని అనుమానించండి.

సమస్య: జవాబు పత్రంలో "చీకటి చర్య రాత్రిపూట జరుగును"

ఇది ల్యాబు లోపం కాదు, కార్బన్ స్థిరీకరణకు చీకటి చర్య అన్న పేరు తెచ్చిన తంటా. వెలుతురు నేరుగా అవసరం లేదన్న మాట నిజమే. 1958లో బర్క్‌లీలో ట్రెబ్‌స్ట్, త్సుజిమోటో, ఆర్నన్ కాంతి చర్యనూ దీన్నీ విడదీసి చూపించారు. కార్బన్ డయాక్సైడ్ లేకుండా హరితరేణువులకు వెలుతురు చూపించి ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ పోగుచేశారు. ఆ తర్వాత పచ్చటి భాగాన్ని తీసేసి, పత్రహరితం లేని ద్రవానికి చీకట్లో రేడియోధార్మిక కార్బన్ డయాక్సైడ్ అందించారు. చక్కెర ఫాస్ఫేట్లు వచ్చాయి. పని జరిగింది ఆవర్ణిక ద్రవంలోనే, అదీ ముందే నింపిన సరుకుతో.

బతికున్న ఆకులో మాత్రం ఆ సరుకు నిల్వ ఉండేది సెకన్ల లెక్కే. కాల్విన్ బృందం ఆకుపచ్చ శైవలాల మీద వెలుతురు ఆపగానే ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం పెరిగింది, రిబ్యులోజ్ బిస్ఫాస్ఫేట్ తగ్గింది. రూబిస్కో ఉన్న బిస్ఫాస్ఫేట్‌ను ఆ ఆమ్లంగా మార్చేసింది, బిస్ఫాస్ఫేట్‌ను తిరిగి నింపడానికి ఏటీపీ లేదు. వెలుతురు ఉంచి కార్బన్ డయాక్సైడ్ ఆపితే సరిగ్గా తలకిందులైంది. ఈ రెండు పదార్థాల్లో ఏది పోగవుతోందో చూస్తే, ఇబ్బంది థైలకాయిడ్‌లోనా, కార్బన్ సరఫరాలోనా చెప్పేయవచ్చు.

పైగా ఎంజైములకు వెలుతురు తాళం ఉంది. లైటు వెలగగానే ప్రోటాన్లు థైలకాయిడ్‌లోకి పోవడంతో ఆవర్ణిక పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కుతుంది, మెగ్నీషియం బయటికి వచ్చి ఆవర్ణికలో చేరుతుంది. రూబిస్కోకు కావాల్సినవి ఆ రెండే. చక్రంలోని మరికొన్ని ఎంజైములను థయోరెడాక్సిన్ అనే చిన్న ప్రోటీను తెరుస్తుంది, దానికి ఎలక్ట్రాన్లు అందేది ఫోటోసిస్టమ్ 1 నుంచి. రాత్రి కాగానే ఇవన్నీ మూతపడతాయి. విద్యార్థి అలా రాస్తే పక్కన "పగలే జరుగును, ఆవర్ణికలో" అని దిద్ది, థైలకాయిడ్ నుంచి ఆవర్ణికకు మూడు బాణాలు గీయించండి: ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్, మెగ్నీషియం.