పాలు పట్టే ముందు పసిబిడ్డ ముక్కులో చుక్కలు వేయడం ఎలా?

మా చెల్లెలి పాపకు రెండున్నర నెలలప్పుడు మొదటిసారి జలుబు చేసింది. రొమ్ము నోటికి అందగానే ఆత్రంగా పట్టుకునేది, నాలుగు గుక్కలు మింగేది, వెంటనే వదిలేసి ఎర్రగా కందిపోయి ఏడ్చేది. మళ్లీ పట్టేది, మళ్లీ వదిలేది. రెండో రోజుకల్లా "పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు మొదలుపెడదామా?" అని ఇంట్లో మాట వచ్చింది. నిజానికి పాలకు లోటు లేదు. పాప ముక్కు దిబ్బడ వేసింది, అంతే.

నెలల పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. రొమ్ము పట్టినప్పుడు నోరు నిండిపోతుంది కాబట్టి ఊపిరికి ముక్కు ఒక్కటే దారి. అది మూసుకుపోతే పాలైనా తాగాలి, ఊపిరైనా పీల్చాలి. రెండూ కలిపి చేయలేక వదిలేసి ఏడుస్తారు. అందుకే చుక్కలు వేయాల్సింది పాలు పట్టడానికి పది, పదిహేను నిమిషాల ముందు. పాలు తాగాక చుక్కలు వేస్తే, రబ్బరు బుడ్డి ముక్కులో పెట్టి చీమిడి లాగితే, బిడ్డకు వెలపరం వచ్చి తాగినదంతా కక్కేస్తుంది.

ఇంకో మాట. పసిపిల్లల ముక్కు గురగుర మనడం మామూలే. బిడ్డ హాయిగా పాలు తాగి నిద్రపోతూ ఉంటే, చప్పుడు వస్తోందని చుక్కలు వేయనక్కర్లేదు.

ముందు సీసా మీద ఏముందో చదవండి

నేను అన్నిటికంటే భయపడేది ఇక్కడే. మెడికల్ షాపులో "ముక్కులో వేసే చుక్కలు ఇవ్వండి" అంటే రెండు రకాల్లో ఏదైనా చేతికి రావచ్చు. ఒకటి సెలైన్, అంటే ఉప్పునీరు. లేబుల్ మీద సోడియం క్లోరైడ్ అని, సాధారణంగా 0.65 శాతం అని ఉంటుంది. అందులో మందు లేదు. గట్టిపడిన చీమిడిని నానబెట్టి వదులు చేస్తుంది. రెండోది దిబ్బడ తగ్గించే మందు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ లాంటి పేర్లు ఉంటాయి. ఇది ముక్కు లోపలి రక్తనాళాలను కుదించి వాపు తగ్గిస్తుంది. పెద్దవాళ్లకు జలుబు చేస్తే ఇంట్లో ఉండేది మామూలుగా ఇదే. నెలల పిల్లలకు ఇది మోతాదు మించితే మత్తుగా పడిపోవడం, ఊపిరి నెమ్మదించడం, ఒళ్లు చల్లబడటం జరగవచ్చు. ఒకే బ్రాండు పేరుతో సెలైన్, మందు రెండూ దొరుకుతాయి, డబ్బాలు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. కాబట్టి బ్రాండు పేరు చూసి సరిపెట్టుకోకండి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. పిల్లల డాక్టరు రాసి ఇవ్వకుండా మందు చుక్కలు ఒక్కటి కూడా వేయకండి. సెలైన్ అయినా స్ప్రే కాకుండా చుక్కలుగా పడే సీసానే తీసుకోండి.

తల ఎలా ఉంచాలి?

చేతులు సబ్బుతో కడుక్కోండి. సెలైన్ సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుంటే చల్లదనం పోతుంది. చల్లటి చుక్క పడితే బిడ్డ ఉలిక్కిపడి తల తిప్పేస్తుంది. పాత మెత్తటి చీర ముక్కో, పల్చటి దుప్పటో చుట్టి చేతులు లోపలికి ఉంచితే ఒక్కరే చేయగలరు.

బిడ్డను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. చాలామంది తల కింద దిండు పెడతారు. అలా పెడితే గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, చుక్క లోపలికి పోకుండా ముక్కు చివర్నుంచి బయటికి కారిపోతుంది. తువ్వాలును మడిచి, రెండు మూడు సెంటీమీటర్ల మందాన, తల కింద కాకుండా భుజాల కింద పెట్టండి. తల కాస్త వెనక్కి వాలుతుంది, ముక్కు రంధ్రాలు ఇంటికప్పు వైపు చూస్తాయి. అంతే చాలు. మంచం అంచు నుంచి తల కిందికి వేలాడేలా ఉంచకూడదు.

గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు వేయకండి. ఆ సమయంలో నోరు తెరిచి గట్టిగా పీలుస్తారు, చుక్కలు గొంతులోకి జారి ఉక్కిరిబిక్కిరి అవుతారు. భుజాన వేసుకుని ఊరుకోబెట్టాకే మొదలుపెట్టండి.

చుక్కలు వేయడం

సీసా మూతిని ముక్కు రంధ్రానికి కాస్త పైన పట్టుకుని, ఒక్కో వైపు రెండు లేదా మూడు చుక్కలు వేయండి. మూతి ముక్కుకు తగలకూడదు. తగిలితే ముక్కులోని క్రిములు సీసాలోకి చేరతాయి. ప్లాస్టిక్ సీసాను గట్టిగా నొక్కితే చుక్కకు బదులు ధార వస్తుంది. ముందు ఒకసారి గిన్నె మీద నొక్కి, ఎంత మెల్లగా నొక్కితే ఒక్క చుక్క పడుతుందో చేతికి అలవాటు చేసుకోండి.

ఇప్పుడు అరవై అంకెలు లెక్కపెట్టండి. ఈ నిమిషం ఆగడమే చాలామంది మానేస్తారు, తర్వాత బుడ్డితో ఎంత లాగినా ఏమీ రావడం లేదంటారు. ఎండిన చీమిడి నానడానికి ఆ కాస్త సమయం కావాలి. ఈలోపు బిడ్డ తుమ్మితే మంచిదే, సగం పని అయిపోయినట్టే. తుడిచేయండి. దగ్గు వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

మా పాపకు చాలాసార్లు తుమ్ములతోనే ముక్కు వదులైంది. బుడ్డి అవసరమే పడలేదు. ఊపిరి చప్పుడు తగ్గి, నోరు మూసుకుని ప్రశాంతంగా పీలుస్తోందంటే అక్కడితో ఆపేసి పాలు పట్టవచ్చు.

రబ్బరు బుడ్డితో లాగడం

బల్బ్ సిరంజి అన్నా, నాసల్ యాస్పిరేటర్ అన్నా షాపులో ఇస్తారు. మెత్తటి రబ్బరు బుడ్డి, ముందు సన్నటి మూతి ఉంటుంది. దీనితో అందరం చేసే పొరపాటు ఒకటే: ముక్కులో పెట్టాక నొక్కడం. అప్పుడు బుడ్డిలోని గాలి చీమిడిని ఇంకా లోపలికి నెట్టేస్తుంది. మొదటిరోజు మా చెల్లెలు అదే చేసింది. పాప ముఖం నలిపేసుకుంది, గురగుర ముందుకంటే ఎక్కువైంది.

బొటనవేలితో బుడ్డిని బయటే పూర్తిగా నొక్కి పట్టుకోండి. నొక్కినట్టే ఉంచి, మూతి చివరను మాత్రం ముక్కు రంధ్రంలో పెట్టండి. లోతుగా దూర్చనక్కర్లేదు, రంధ్రం మూసుకునేంత ఆనితే చాలు. మూతి కళ్లవైపు పైకి కాకుండా వెనక్కి, కాస్త చెవి వైపుకు చూడాలి. మధ్యలో ఉండే గోడకు తగిలితే అక్కడి సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తం వస్తుంది. ఇప్పుడు బొటనవేలిని మెల్లగా, రెండు మూడు సెకన్లలో వదలండి. బుడ్డి ఉబ్బుతూ చీమిడిని లోపలికి పీలుస్తుంది. ఒక్కసారిగా వదిలేస్తే లోపలి పొర మూతికి అతుక్కుని లాగినట్టవుతుంది.

బయటికి తీసి టిష్యూ మీద గట్టిగా నొక్కితే లోపలిది పడిపోతుంది. మూతి తుడిచి రెండో వైపు. ఒక్కో వైపు ఒకసారి, మరీ ఉంటే రెండుసార్లు. ఇంకా వస్తుందేమోనని పదేపదే లాగకండి. లాగేకొద్దీ లోపల వాస్తుంది, వాచేకొద్దీ దిబ్బడ పెరుగుతుంది. రోజు మొత్తంలో మూడు నాలుగుసార్లకు మించకూడదు. రోజుకు ఎనిమిది, పదిసార్లు పాలు తాగే బిడ్డకు ప్రతిసారీ బుడ్డి పెట్టలేం కదా! మేం పొద్దున లేవగానే, సాయంత్రం, రాత్రి పడుకునే ముందు, అర్ధరాత్రి లేచి ఏడ్చినప్పుడు ఒకసారి పెట్టుకున్నాం. మిగతా వేళల్లో అవసరమైతే సెలైన్ చుక్కలు మాత్రమే. రక్తపు చారిక కనిపిస్తే ఆ రోజుకు బుడ్డి పక్కన పెట్టేయండి.

డాక్టరు మందు చుక్కలు రాస్తే

వరుస మారకూడదు. ముందు సెలైన్, నిమిషం ఆగడం, బుడ్డితో శుభ్రం చేయడం, ఆ తర్వాత మందు. చీమిడి మీద మందు పడితే పొరకు తగలదు. మందు వేశాక బుడ్డి పెడితే వేసిన మందే బయటికి వచ్చేస్తుంది. ఎన్ని చుక్కలు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నవి చీటీలో ఉన్నంతే. "ఇంకో చుక్క వేస్తే త్వరగా తగ్గుతుంది" అనే ఆలోచన వద్దు. చెప్పిన రోజులు దాటి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు ముందుకంటే గట్టిగా మూసుకుంటుంది. మందు వేశాక బిడ్డ విపరీతంగా మగతగా ఉన్నా, లేపినా లేవకపోయినా సీసా చేతపట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ముక్కులో నూనె చుక్క, ఆముదం వేయడం, స్నానం చేయించేటప్పుడు నోటితో ఊదడం మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, కానీ ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. కర్పూరం కూడా పసిపిల్లల దగ్గరికి రానివ్వకూడదు. "అమ్మమ్మా, చుక్కలు మీరే వేయండి, నేను పట్టుకుంటా" అని మా చెల్లెలు సెలైన్ సీసా ఆమె చేతిలోనే పెట్టింది. నూనె గిన్నె మళ్లీ బయటికి రాలేదు.

ఎప్పుడు ఇంట్లో ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

ముక్కు శుభ్రం చేశాక కూడా బిడ్డ మామూలుగా తాగేదాంట్లో సగం కూడా తాగకపోతే, ఉచ్చలు బాగా తగ్గిపోతే ఆగకండి. బిడ్డ నిద్రలోనో, ప్రశాంతంగానో ఉన్నప్పుడు పొట్ట కదలికలు నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డకు 50 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది వేగంగా పీల్చడమే. డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరితో పాటు మూలుగు వస్తున్నా, మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ జ్వరం ఉన్నా అదే రోజు, అదే గంట చూపించాలి. పెదాలు నీలంగా మారితే 108కు ఫోన్ చేయండి.

బుడ్డిని కడగడం

వాడిన ప్రతిసారీ గోరువెచ్చని సబ్బునీళ్లు బుడ్డిలోకి పీల్చి, ఆడించి, బయటికి నొక్కాలి. తర్వాత మంచినీళ్లతో అలాగే రెండు మూడుసార్లు. మిగిలిన నీరంతా పిండేసి, మూతి కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టి ఆరనివ్వండి. తడి లోపలే ఉండిపోతే బూజు పడుతుంది, రబ్బరు కాబట్టి బయటికి కనిపించదు. విడదీసి కడిగే రకం దొరికితే అదే కొనండి. సెలైన్ సీసా తెరిచిన తేదీని పెన్నుతో సీసా మీదే రాసుకోండి. తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో లేబుల్ మీద ఉంటుంది, చాలావాటికి నాలుగు వారాలే. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ వేరే సీసాలు, వేరే బుడ్డీలు.