బీఈటీ గీత గీసి మోనోలేయర్ కెపాసిటీ తియ్యడం ఎలా? (0.05–0.30 అని కళ్ళు మూసుకుని పెట్టకండి)

గుంటూరు మిర్చి యార్డు నుంచి తొడిమలు తెచ్చి కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ చేసే ప్రాజెక్టులు మా వైపు ప్రతి ఏడాదీ ఉంటాయి, కార్బన్ బానే చేస్తారు, చివర్లో బీఈటీ లెక్క దగ్గరే పాడు చేస్తారు. అందుకే రాస్తున్నా.

ముందు పనులు త్వరగా చెప్పేస్తా. శాంపిల్‌ని వాక్యూమ్‌లో వేడి చేసి డీగ్యాస్ చెయ్యండి, కార్బన్ అయితే నేను 300 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేస్తా. బరువు డీగ్యాస్ అయ్యాకే తూచాలి, ముందు తూస్తే తేమ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. తర్వాత లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టి 77 K దగ్గర రీడింగులు తీసుకోవడమే. మీకు కావాల్సినవి రెండే కాలమ్స్: ఒకటి x, అంటే p/p0, రెండోది v, అంటే గ్రాముకి పట్టిన గ్యాస్, ఎస్టీపీ లెక్కన ఘన సెంటీమీటర్లలో.

ఎక్సెల్‌లో A లో x, B లో v పెట్టి ఇంకో రెండు కాలమ్స్ వెయ్యండి:

```
C2: =B2*(1-A2)
D2: =A2/C2
```

A కి ఎదురుగా D గీస్తే అదే బీఈటీ ప్లాట్. వాలు s, ఇంటర్‌సెప్ట్ i అనుకుంటే మోనోలేయర్ కెపాసిటీ vm = 1/(s+i), స్థిరాంకం C = 1 + s/i. ఇంతవరకు ఎవరూ తప్పు చెయ్యరు.

తప్పంతా ఏ పాయింట్ల మీద గీత గియ్యాలి అన్న దగ్గరే. 0.05 నుంచి 0.30 అని పాత రికార్డు బుక్కుల్లో ఉంటుంది, అందరూ అదే దించేస్తారు. రంధ్రాల్లేని సిలికాకి, అల్యూమినాకి అది సరిపోతుంది. కార్బన్‌లో ఉండే సన్న రంధ్రాలు మాత్రం చాలా తక్కువ ప్రెషర్లోనే నిండిపోతాయి, 0.1 దాటాక అక్కడ కొత్తగా జరిగేది పెద్దగా ఏం ఉండదు.

ఒక కార్బన్ లెక్క చూడండి. x 0.01, 0.02, 0.03, 0.04, 0.05 దగ్గర v వరసగా 200, 209, 215, 219, 222. ఆ పైన 0.08 దగ్గర 229, 0.10 దగ్గర 232, 0.15 దగ్గర 238, 0.20 దగ్గర 242, 0.25 దగ్గర 245, 0.30 దగ్గర 247.

0.05 నుంచి 0.30 దాకా ఉన్న ఆరు పాయింట్లు (0.05, 0.10, అలా 0.05 చొప్పున) తీసుకుంటే R² 0.993 వస్తుంది, అది చూసి అందరూ సంతోషపడిపోతారు. కానీ ఇంటర్‌సెప్ట్ మైనస్ 0.00011, C మైనస్ 52! C అనేది మొదటి పొర ఉపరితలానికి ఎంత గట్టిగా అతుక్కుందో చెప్పేది, అది మైనస్ అవ్వడానికే లేదు. పైగా vm 171 అంటుంది, మన డేటా చూస్తే 0.01 దగ్గరే 200 పట్టేసింది కదా. ఆ గీత పారేయాల్సిందే, R² ఎంతున్నా సరే.

ఇక్కడ రూకెరోల్ పద్ధతి వాడండి. C కాలమ్, అంటే v(1-x), x తో పాటు పెరుగుతూ ఉన్నంతవరకే పాయింట్లు తీసుకోవాలి. మన డేటాలో అది 198, 204.8, 208.6, 210.2, 210.9 అని పెరిగి, 0.08 దగ్గర 210.7 కి దిగింది. దిగిందంటే అక్కడితో ఆపెయ్యాలి, ఇంకో రెండు పాయింట్లు కలుపుదాం అని ఆశపడొద్దు. కాబట్టి 0.01 నుంచి 0.05 దాకా ఐదు పాయింట్లే. ఐదు కంటే తక్కువ పాయింట్లతో గీసిన గీతని నేను ఒప్పుకోను, అందుకే రన్ పెట్టేటప్పుడే 0.1 కింద దగ్గర దగ్గరగా రీడింగులు అడగండి.

ఈ ఐదింటికి:

```
=1/(SLOPE(D2:D6,A2:A6)+INTERCEPT(D2:D6,A2:A6))
```

వాలు 0.004658, ఇంటర్‌సెప్ట్ 0.00000414, C 1126 దాకా, vm 214.5. ఇంటర్‌సెప్ట్ ఇంత చిన్నది కాబట్టి మధ్యలో రౌండ్ చెయ్యొద్దు, C మొత్తం మారిపోతుంది.

ఇంకో చెక్ ఉంది, ఇది వదలొద్దు. మోనోలేయర్ నిండే చోటు x = 1/(1+√C). 1126 కి అది 0.029. మన డేటాలో v 214.5 అయ్యేది కూడా 0.029 దగ్గరే, మనం తీసుకున్న రేంజ్ లోపలే. రెండూ కలిశాయి కాబట్టి గీత నమ్మొచ్చు, కలవకపోతే పై నుంచి ఒక్కో పాయింట్ తీసేస్తూ మళ్ళీ గియ్యండి.

మెషీన్ రిపోర్టులోనే నంబర్ వస్తుందిగా అంటారు. వస్తుంది, కానీ రేంజ్ ముందే సెట్ చేసి ఉంటే అది మీ శాంపిల్‌కి నప్పిందో లేదో మీరే చూసుకోవాలి, ఎక్సెల్‌లో చేస్తే C కాలమ్ ఎక్కడ దిగిందో కళ్ళ ముందే కనపడుతుంది. కొందరు లాంగ్‌ముయిర్ గీత ఇంకా తిన్నగా వచ్చిందని అదే వాడతారు, ఆ ఆరు పాయింట్లకి అది vm 253 ఇస్తుంది, 0.30 దగ్గర కూడా పట్టింది 247 మాత్రమే, రంధ్రాలు నిండిన గ్యాస్ మొత్తాన్ని ఒకే పొర కింద లెక్కేసేస్తుంది.

ఏరియా కావాలంటే vm ని 4.35 తో గుణించండి (నైట్రోజన్ అణువుకి 0.162 చదరపు నానోమీటర్లు అని తీసుకుంటే వచ్చే సంఖ్య). మనకి గ్రాముకి 933 చదరపు మీటర్లు, తప్పు గీతతో అయితే 744 వచ్చేది. సన్న రంధ్రాల కార్బన్‌కి ఈ 933 కూడా అచ్చంగా ఉపరితలం కాదు, రంధ్రాలు నింపిన గ్యాస్ అందులో కలిసే ఉంటుంది, అందుకని రిపోర్టులో అపారెంట్ బీఈటీ ఏరియా అని రాసి, పక్కన వాడిన రేంజ్, పాయింట్ల సంఖ్య, C మూడూ వెయ్యండి.