పోస్టర్ ఫోటోలో నక్షత్రం గుర్తు వెంట వెళ్లడం ఎలా?

ఒక షాంపూ పోస్టర్ ఊహించుకుందాం. పెద్ద అక్షరాల్లో ‘జుట్టు రాలడం 90% వరకు తగ్గుతుంది*’ అని ఉంది. ఒత్తైన జుట్టున్న అమ్మాయి, పక్కనే తెల్లకోటు వేసుకున్న మనిషి కనిపిస్తున్నారు. అడుగున చాలా చిన్న అక్షరాల్లో రెండు లైన్లు ఉన్నాయి.

1. రెండు ఫోటోలు తీయండి. మొదటిది ఎదురుగా నిలబడి, నాలుగు అంచులూ పడేలా తీయాలి. పక్క అంచున నిలువుగా రాసిన అక్షరాలు తరచూ ఫోటోలోంచి జారిపోతాయి. రెండోది చిన్న అక్షరాల దగ్గరికి వెళ్లి తీయాలి. దూరం నుంచి తీసిన ఫోటోను ఎంత పెద్దది చేసినా అందులో లేని అక్షరం కనిపించదు. నిగనిగలాడే కాగితమైతే ఫ్లాష్ ఆపేయండి. లేకపోతే తెల్లటి మచ్చ పడి లైన్లు మాయమవుతాయి.

2. బొమ్మల్ని పక్కనపెట్టి మాటల్ని కాగితం మీద రాసుకోండి. ‘పట్టులాంటి మెరుపు’ వంటి పొగడ్తను వదిలేయవచ్చు, దాన్ని కొలవలేం. కొలవగలిగిన మాట కింద గీత గీయండి. ఇక్కడ అది 90%. దాని పక్కనున్న ‘వరకు’ను కూడా వదలొద్దు. అది గరిష్ఠాన్ని చెబుతుందే తప్ప అందరికీ అంత తగ్గుతుందని చెప్పదు.

3. నక్షత్రం గుర్తు ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. అసలు పని ఇక్కడే ఉంది. మన పోస్టర్ అడుగున ఇలా ఉందనుకోండి: ‘*తెగడం వల్ల రాలే జుట్టు మాత్రమే. కండిషనర్ లేని షాంపూతో పోల్చి, ప్రయోగశాలలో చేసిన పరీక్ష.’

ఇప్పుడు పెద్ద మాటనూ చిన్న మాటనూ పక్కపక్కన పెట్టండి. రాలడం అనగానే కుదుళ్ల నుంచి ఊడటమే మనకు గుర్తొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా రోజుకు సుమారు 50 నుంచి 100 వెంట్రుకలు అలా ఊడతాయి. వాటి చివర చిన్న తెల్లటి ఉబ్బు కనిపిస్తుంది. ఈ పరీక్ష కొలిచింది వాటిని కాదు, చిక్కుపడి మధ్యలో తెగే వెంట్రుకల్ని. పోల్చిన తీరు కూడా చూడండి. కండిషనర్ జుట్టును జారేలా చేస్తుంది కాబట్టి దువ్వినప్పుడు తక్కువ తెగుతుంది. అది లేని షాంపూ పక్కన ఇది గెలవడంలో వింతేమీ లేదు.

ఫోటోలో చిన్న అక్షరాలు చదవడానికి వీల్లేకపోతే ఊహించి పూరించకండి. ‘ఆధారం చదవలేకపోయాం’ అనే రాసుకోండి.

4. ఇప్పుడు బొమ్మల దగ్గరికి రండి. తెల్లకోటు డాక్టర్‌ను తలపిస్తుంది, కానీ ఆయన పేరు గానీ అర్హత గానీ ఎక్కడా లేదు. ‘ముందు, తర్వాత’ ఫోటోలుంటే వెలుతురు, తల వంపు, జుట్టు తడి రెండింటిలో ఒకేలా ఉన్నాయా చూడండి. తడి జుట్టు ఎప్పుడూ పలచగానే కనిపిస్తుంది.

5. ప్రకటనను మీ మాటల్లో తిరగరాయండి. మన పోస్టర్ ఇలా తేలుతుంది: ‘ప్రయోగశాలలో, కండిషనర్ లేని షాంపూ వాడిన జుట్టుతో పోలిస్తే, దీన్ని వాడిన జుట్టు తెగడం 90% వరకు తగ్గింది.’ కుదుళ్ల నుంచి ఊడే జుట్టు గురించి ఇందులో ఒక్క మాటా లేదు.