వైఫై ఉంది, నెట్ ఉంది, యాప్ మాత్రం కనెక్ట్ కావట్లేదు: ఫోన్ తేదీ చూశారా?

సమస్య

వైఫై సిగ్నల్ నిండుగా ఉంటుంది. యాప్ తెరిస్తే "కనెక్ట్ కాలేకపోయాం" అనో, "నెట్‌వర్క్ లోపం" అనో వస్తుంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకుందామంటే యాప్ స్టోర్ కూడా తెరుచుకోదు. చాలా యాప్‌లు అసలు కారణం చెప్పవు కాబట్టి వాటి మాట పట్టుకుని కూర్చోకుండా, బ్రౌజర్‌లో ఏదైనా సైట్ తెరవండి. క్రోమ్‌లో అయితే ఇలా కనబడుతుంది:

```
NET::ERR_CERT_DATE_INVALID
```

కొన్నిసార్లు "Your clock is behind" అని సూటిగానే చెప్పేస్తుంది. ఇక రౌటర్ జోలికి వెళ్లక్కర్లేదు. ఫోన్‌లో తేదీ చూడండి, ముఖ్యంగా సంవత్సరం. లాక్ స్క్రీన్ మీద రోజు, నెల మాత్రమే కనిపించే ఫోన్లలో సంవత్సరం తప్పున్నా ఎవరూ గమనించరు.

కారణం

యాప్ సర్వర్‌తో మాట్లాడే ముందు సర్వర్ తాను అసలైనదేనని చెప్పే గుర్తింపు పత్రం లాంటి తన సర్టిఫికెట్ చూపిస్తుంది. అందులో రెండు తేదీలుంటాయి: ఎప్పటి నుంచి చెల్లుతుంది, ఎప్పటి వరకు చెల్లుతుంది. ఆ మధ్యలో ఉన్నామా లేదా అన్నది ఫోన్ తన సొంత గడియారం చూసుకునే తేల్చుకుంటుంది.

ఒక ఉదాహరణ. సర్టిఫికెట్ 2025 మార్చి 3 నుంచి జూన్ 1 వరకు చెల్లుతుంది. ఈరోజు ఏప్రిల్ 10. కానీ బ్యాటరీ పూర్తిగా అయిపోయి నెలల తరబడి పక్కన పడున్న ఫోన్‌ని ఇప్పుడే ఛార్జ్ చేసి ఆన్ చేశారు, అది 2021 జనవరి అంటోంది. ఆ ఫోన్ లెక్కలో ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు. అందుకే కనెక్షన్ తెంచేస్తుంది. గేమ్‌లో లైఫ్‌లు త్వరగా రావాలని తేదీ ముందుకు జరిపి మర్చిపోయినవాళ్లకు దీనికి తలకిందులు: గడువు తీరని సర్టిఫికెట్ కూడా తీరిపోయినట్టు కనిపిస్తుంది. రెండింట్లోనూ సర్వర్ తప్పేమీ లేదు.

పరిష్కారం

ఆండ్రాయిడ్‌లో Settings లోకి వెళ్లి Date & time అని వెతకండి. తయారీ కంపెనీని బట్టి మెనూ చోటు మారుతుంది కాబట్టి వెతకడమే సులువు. అక్కడ టైమ్ ఆటోమేటిక్‌గా తీసుకునే స్విచ్ ఆన్ చేయండి. ఐఫోన్‌లో Settings, General, Date & Time లో Set Automatically.

స్విచ్ ఆన్‌లోనే ఉన్నా తేదీ మారకపోతే? ఇది ఎక్కువగా సిమ్ లేకుండా వైఫై మీదే నడిచే ఫోన్లలో జరుగుతుంది. సిమ్ ఉంటే మొబైల్ నెట్‌వర్క్ నుంచి టైమ్ రావచ్చు. లేకపోతే ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ని అడగాలి, ఆఫీసు వైఫైలాంటి చోట్ల ఆ దారి మూసేసి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపి, మరో ఫోన్ చూసి సంవత్సరం, నెల, రోజు, గంట చేత్తో పెట్టండి. ఏఎం, పీఎం కూడా సరిచూడండి. యాప్‌లు తెరుచుకున్నాక స్విచ్ మళ్లీ ఆన్ చేయండి. మొండికేసిన యాప్‌ని ఒకసారి ఫోర్స్ స్టాప్ చేసి తెరవండి. కొన్ని మళ్లీ లాగిన్ అడుగుతాయి, టెన్షన్ పడకండి.

గంట సరిగ్గానే ఉంది, అయినా సమస్య

ఇదే అసలు చిక్కు. టైమ్ జోన్ తప్పుగా ఉండి, స్క్రీన్ మీద గంట సరిపోయేలా ఎవరో చేత్తో జరిపి ఉంటారు. చూడటానికి అంతా బాగానే ఉంటుంది. కానీ సర్టిఫికెట్ తేదీలు ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం యూటీసీలో ఉంటాయి, ఫోన్ కూడా లోపల యూటీసీలోకి మార్చుకునే పోలుస్తుంది. అలా ఫోన్ 6 గంటలు వెనకబడి ఉందనుకుందాం. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. సర్వర్ సర్టిఫికెట్ కొత్తగా మార్చిన రోజు మాత్రం ఆ ఒక్క యాప్ పనిచేయదు, కొన్ని గంటలయ్యాక దానంతటదే బాగవుతుంది. అందరూ సర్వర్‌నే తిడతారు. సైట్లకు సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాటిని ఇచ్చేటప్పుడు మొదటి తేదీని 1 గంట వెనక్కి వేస్తుంది, చిన్న తేడాలు అందులో సర్దుకుంటాయి, 6 గంటలు సర్దుకోవు. కాబట్టి టైమ్ జోన్ కూడా ఆటోమేటిక్‌లో పెట్టండి, లేదా ముందు జోన్ సరిచేసి ఆ తర్వాత గంట సరిచేయండి.

తేదీ, జోన్ రెండూ సరిగ్గా ఉన్నా ఒక్క యాప్‌కే లోపం వస్తుంటే, మరో ఫోన్‌లో అదే యాప్ తెరిచి చూడండి. అక్కడా తెరుచుకోకపోతే సర్వర్ సర్టిఫికెట్ నిజంగానే గడువు దాటి ఉండొచ్చు, అది వాళ్లే మార్చాలి. బ్రౌజర్‌లో హెచ్చరిక దాటుకుని ముందుకు వెళ్లి పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. బాగా పాత ఆండ్రాయిడ్‌లో మాత్రమే లోపం వస్తుంటే, మిగతా సర్టిఫికెట్లను సరిచూడటానికి ఫోన్ ఆధారంగా నమ్మే రూట్ సర్టిఫికెట్ల జాబితా పాతబడి ఉండొచ్చు. దానికి తేదీ మార్చడం మందు కాదు, సిస్టమ్ అప్‌డేట్ కావాలి.