డెంగీకి చేరితే షుగరు పేరుతో క్లెయిమ్ తిరస్కరించారు: సమస్య - పరిష్కారం

సమస్య

ఉదాహరణకు ఆదోనిలో బట్టల దుకాణం నడిపే 46 ఏళ్ల మనిషిని తీసుకుందాం. కిందటేడు 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాడు. ఈ ఏడు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. క్యాష్‌లెస్ కోసం కాగితాలు పంపగానే కంపెనీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "షుగరు ఎప్పటి నుంచి ఉంది? మొదట చూపించుకున్న చీటీ పంపండి." ఆ తర్వాత క్లెయిమ్ తిరస్కరించారు. కొన్నాళ్లకు పాలసీనే రద్దు చేస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. జ్వరానికీ షుగరుకీ సంబంధమేమిటని ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదు.

కారణం

ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు పాత జబ్బుల గురించి అడుగుతాడు. "ఆరేళ్లుగా షుగరు మాత్రలు వేసుకుంటున్నాడు" అని భార్య చెప్పింది. వైద్యానికి అది చెప్పి తీరాల్సిన మాటే. అది కేసు షీటులోకి, అక్కడి నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి వెళ్తుంది. పాలసీ దరఖాస్తులో మాత్రం "షుగరు, బీపీ ఉన్నాయా?" అన్న చోట "లేదు" అని ఉంది. కంపెనీ ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

ఇక్కడ గొడవ డెంగీది కాదు. పాలసీ ఇవ్వాలా, ప్రీమియం ఎంత వేయాలి అన్నవి కంపెనీ ఆ జవాబును బట్టే తేల్చుకుంటుంది. జవాబు తప్పయితే ఒప్పందం పునాదే తప్పని వాదిస్తుంది. అదే "ఉంది" అని రాసి ఉంటే ప్రీమియం కొంత పెరిగేదేమో, షుగరుకు సంబంధించిన చికిత్సలకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాల్సి వచ్చేది. డెంగీకి ఆ నిరీక్షణ వర్తించదు కాబట్టి ఈ ఖర్చు పాలసీ పరిమితుల మేరకు వచ్చేది. ఒక్క జబ్బుకు వచ్చే ఆలస్యాన్ని తప్పించుకోబోయి మొత్తం పాలసీనే పోగొట్టుకున్నట్టయింది.

ఆ "లేదు" చాలాసార్లు ఏజెంటు ఫోన్లో నొక్కిందే అయి ఉంటుంది. "మాత్రలతో కంట్రోల్లోనే ఉంది కదన్నా, రాయక్కర్లేదు" అంటాడు. మనం ఓటీపీ చెప్పేస్తాం. ఆ ఓటీపీ మన సంతకంతో సమానం. మాత్రల వల్ల రీడింగు మామూలుగా ఉందంటే జబ్బు లేదని కాదు, మందు పనిచేస్తోందని.

పరిష్కారం

ఇంకా పాలసీ తీసుకోకపోతే, ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజూ వేసుకునే మాత్రల అట్టలు ముందు పెట్టుకుని దరఖాస్తు నింపండి. గుర్తుకు రానిది అట్ట గుర్తు చేస్తుంది. జబ్బు పేరు, ఏ ఏడాది బయటపడింది, ఏ మందు, గతంలో ఆపరేషన్లు, ఆసుపత్రిలో ఉన్న రోజులు రాయండి. ఏడాది సరిగ్గా గుర్తు లేకపోతే "సుమారు 2019" అనే రాయండి. ఓటీపీ చెప్పే ముందు నింపిన దరఖాస్తు మొత్తం చదవండి.

పాలసీ చేతికొచ్చాక దాంతోపాటు ఉండే దరఖాస్తు ప్రతి చూడండి, లేకపోతే అడిగి తెప్పించుకోండి. తప్పుంటే వెంటనే కంపెనీకే ఈమెయిల్ రాయండి. ఏజెంటుకు నోటితో చెబితే చెప్పినట్టు రుజువు ఉండదు. మొదటి 30 రోజుల్లో అయితే పాలసీ వద్దని తిప్పి పంపే హక్కు కూడా ఉంది.

పాలసీ ఇప్పటికే నడుస్తుంటే? రాయని జబ్బు సంగతి ఇప్పుడు చెబితే కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, నిరీక్షణ కాలం పెట్టవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. అయినా చెప్పడమే మేలని నా అభిప్రాయం. ఆసుపత్రి మంచం మీద బిల్లు చేతిలో పెట్టుకుని తెలుసుకోవడం కన్నా ఒంట్లో బాగున్నప్పుడు తేల్చుకోవడం నయం. 60 నెలలు ఆపకుండా కట్టిన పాలసీని చెప్పలేదన్న కారణంతో ప్రశ్నించకూడదు, మోసమని రుజువైతే తప్ప. ఆ గడువును నమ్ముకుని దాచడం మాత్రం ప్రమాదం. కావాలని దాచారన్నది కూడా మోసం కిందికి రావచ్చు.

క్లెయిమ్ ఇప్పటికే తిరస్కరించి ఉంటే ముందు కేసు షీటు ప్రతి తీసుకుని చదవండి. హడావుడిలో "ఆరు నెలలు" కాస్తా "ఆరేళ్లు" అయిపోతుంటుంది. పాలసీ తీసుకున్న తర్వాతే జబ్బు బయటపడి ఉంటే, మొదటి రక్తపరీక్ష రిపోర్టు జతచేసి, వైద్యం చేసిన డాక్టరు నుంచి సవరణ సర్టిఫికెట్ తెచ్చుకోండి. జబ్బు నిజంగానే పాలసీకి ముందు నుంచీ ఉంటే అలాంటి సర్టిఫికెట్ అడగొద్దు, అది అసలు మోసం అవుతుంది. దరఖాస్తులో జబ్బు ఉందని రాసి ఉన్నా తిరస్కరించారంటే మీ వాదన బలంగా ఉన్నట్టే.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. బీమా నియంత్రణ సంస్థ వెబ్‌సైటు bimabharosa.irdai.gov.in లో కూడా నమోదు చేయవచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, అంటే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మన జిల్లాలు ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి.